బొమ్మ వచ్చింది, మాట రాలేదు

ఫోన్ తెర మీద జరిగేదాన్ని వీడియోగా పట్టుకోవడం ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలిసిన పనే. తెరను పైనుంచి కిందికి లాగి, స్క్రీన్ రికార్డ్ గుర్తు నొక్కితే సరిపోతుంది. చిక్కంతా ఆ తర్వాతే వస్తుంది. అరగంట సేపు రికార్డు చేసిన వీడియోను తెరిస్తే బొమ్మ అద్దంలా ఉంటుంది, శబ్దం మాత్రం ఉండదు. ఒక్కోసారి శబ్దం ఉంటుంది కానీ అందులో ఫ్యాన్ గాలి, వీధిలో వెళ్తున్న ఆటో, వంటింట్లో కుక్కర్ కూతే ఎక్కువ. కావలసిన మాట ఎక్కడో అడుగున ఉంటుంది.

అలా జరిగినప్పుడు చాలామంది రికార్డర్ యాప్‌ను తప్పుపడతారు. దాన్ని తీసేసి ప్లే స్టోర్‌లోంచి ఇంకొకటి వేసుకుంటారు. దానితోనూ అదే జరుగుతుంది. ఎందుకంటే ఎక్కువ సందర్భాల్లో తప్పు రికార్డర్‌ది కాదు. ఆ శబ్దాన్ని పుట్టిస్తున్న యాప్ దాన్ని బయటికి ఇవ్వడానికి ఒప్పుకోలేదు, ఆండ్రాయిడ్ ఆ మాటను మన్నించింది. ఈ సంగతి తెలిస్తే ఏ వీడియోలో శబ్దం వస్తుందో, ఏ వీడియోలో రాదో రికార్డు చేయకముందే చాలావరకు చెప్పేయవచ్చు. మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లే కాబట్టి ఆ సంగతే వివరంగా చూద్దాం.

శబ్దానికి రెండు దారులు

ఫోన్‌లో పాట మోగుతోందనుకోండి. ఆ పాట ముందు అంకెల రూపంలో ఉంటుంది. యాప్ ఆ అంకెలను ఆండ్రాయిడ్‌కు అప్పగిస్తుంది. ఆండ్రాయిడ్ అన్ని యాప్‌ల శబ్దాలనూ కలిపి స్పీకర్‌కో ఇయర్‌ఫోన్‌కో పంపుతుంది. అక్కడ అంకెలు గాలిలో కదలికగా మారితే మనకు వినిపిస్తుంది.

ఆ అంకెలు స్పీకర్‌కు చేరకముందే వాటి నకలు ఒకటి తీసుకుంటే అది లోపలి శబ్దం. గదిలో ఎంత గోల ఉన్నా అందులోకి రాదు. స్పీకర్ మంచిదా చెడ్డదా అన్నదీ లెక్కలోకి రాదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా రికార్డింగ్‌కు లోటుండదు.

రెండో దారి మైక్. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దం గాలిలోకి వెళ్లి, అదే ఫోన్ అడుగునున్న మైక్‌లోకి తిరిగి వస్తుంది. దారిలో గదిలోని ప్రతి చప్పుడూ దానితో కలుస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే పాట గాలిలోకే రాదు, ఇక మైక్‌కు అందేదేమీ ఉండదు. మైక్ పట్టుకోగలిగేది గదిలో వినిపించే శబ్దాన్నే. మన సొంత మాట కావాలంటే మాత్రం ఈ దారి తప్ప వేరే లేదు.

ఐదేళ్లపాటు మైకే దిక్కు

2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 లాలిపాప్‌తో, ఫోన్‌ను రూట్ చేసే అవసరం లేకుండానే తెరను రికార్డు చేసే వీలు మామూలు యాప్‌లకు దొరికింది. ఆ ఏర్పాటు పేరు మీడియా ప్రొజెక్షన్. అయితే అది ఇచ్చింది బొమ్మను మాత్రమే. లోపలి శబ్దాన్ని పట్టుకునే అనుమతిని ఆండ్రాయిడ్ తన సొంత భాగాలకు, ఫోన్ తయారీదారులు ముందే వేసి ఇచ్చే యాప్‌లకు మాత్రమే ఉంచుకుంది. అందుకే ఆ రోజుల్లో కొన్ని కంపెనీల ఫోన్లలో వాళ్ల సొంత రికార్డర్‌కు లోపలి శబ్దం వచ్చేది కానీ, స్టోర్‌లోంచి దించుకున్న ఏ రికార్డర్‌కూ వచ్చేది కాదు. వాటికి మైకే దిక్కు. ఆనాటి గేమ్ వీడియోల్లో ఆట శబ్దం వెనక ఇంట్లోవాళ్ల మాటలు వినిపించేది ఇందుకే.

2019లో ఆండ్రాయిడ్ 10 ఆ తలుపు తెరిచింది. ఒక యాప్ మోగిస్తున్న శబ్దాన్ని ఇంకో యాప్ నకలు తీసుకోవచ్చని ఒప్పుకుంది. దీన్ని ఆడియో ప్లేబ్యాక్ క్యాప్చర్ అంటారు. మరుసటి ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 11లో రికార్డర్ ఫోన్‌లోనే భాగమైంది. రికార్డింగ్ మొదలుపెట్టేటప్పుడు Device audio, Microphone, Device audio and microphone అని కనిపించే మూడు ఎంపికలు అప్పటివే. మొదటిది లోపలి శబ్దం, రెండోది మైక్, మూడోది రెండూ కలిపి. ఆ పక్కనున్న స్విచ్ వేయకపోతే ఏ శబ్దమూ రికార్డు కాదు. మూగ వీడియోల్లో కొన్ని ఈ చిన్న మరుపు వల్లే తయారవుతాయి.

తెరిచిన తలుపుకు ఆండ్రాయిడ్ కాపలా కూడా పెట్టింది. అసలు విషయం అక్కడే ఉంది.

మూడు షరతులు

మొదటి షరతు అనుమతి. లోపలి శబ్దం మాత్రమే కావాలన్నా, స్టోర్‌లోంచి వచ్చిన రికార్డర్ మైక్ అనుమతే అడుగుతుంది. ఆండ్రాయిడ్‌లో రెండింటికీ కలిపి శబ్దం రికార్డు చేసే అనుమతి ఒక్కటే ఉంది. తెర మీద మాత్రం అది మైక్రోఫోన్ పేరుతో కనిపిస్తుంది. "నా గొంతు నాకక్కర్లేదు, మైక్ ఎందుకిస్తాను?" అని జాగ్రత్తపరులు వద్దని నొక్కుతారు. దాంతో లోపలి శబ్దం కూడా ఆగిపోతుంది.

రెండో షరతు శబ్దం రకం. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్ తాను మోగించే శబ్దం ఏ కోవకు చెందిందో ముందే చెప్పాలి. పాట, సినిమా అయితే మీడియా. ఆట అయితే గేమ్. కాల్‌లో అవతలి మనిషి గొంతు అయితే సంభాషణ. అలారానికి ఒక కోవ, నోటిఫికేషన్‌కు ఒకటి, మ్యాప్‌లో దారి చెప్పే గొంతుకు ఇంకొకటి. వీటిలో మీడియా, గేమ్, ఏ రకమో చెప్పని శబ్దం, ఈ మూడింటినే మామూలు రికార్డర్‌కు ఆండ్రాయిడ్ ఇస్తుంది. సంభాషణ కోవలోది ఇవ్వదు. ఆండ్రాయిడ్ మూల రూపంతోపాటు వచ్చే రికార్డర్ కూడా ఈ మూడు రకాలనే అడుగుతుంది. కొన్ని కంపెనీలు తమ ఫోన్లలో ఈ ఏర్పాటును మార్చుకుంటాయి, కాబట్టి ఒక ఫోన్‌లో వచ్చిన శబ్దం ఇంకో ఫోన్‌లో రాకపోవచ్చు.

మూడో షరతు ఆ యాప్ తయారుచేసినవాళ్ల ఇష్టం. ప్రతి ఆండ్రాయిడ్ యాప్‌లోనూ దాని వివరాలను ఆండ్రాయిడ్‌కు చెప్పే ఒక ఫైల్ ఉంటుంది. అందులో ఈ ఒక్క మాట రాస్తే ఆ యాప్ శబ్దమంతా రికార్డర్లకు మూసుకుపోతుంది:

```
android:allowAudioPlaybackCapture="false"
```

యాప్ మొత్తానికి కాకుండా ఏదో ఒక పాటకో వీడియోకో మాత్రమే ఈ అడ్డు పెట్టే వీలు కూడా ఉంది. హక్కులు కొని పాటలు, సినిమాలు వినిపించే సేవలకు ఇది అవసరం. లేకపోతే స్క్రీన్ రికార్డర్‌తో ఎవరైనా మచ్చలేని నకలు తీసేసుకుంటారు.

ఏమీ రాయకపోతే ఏమవుతుందన్నది కూడా తెలియాలి. యాప్‌ను ఆండ్రాయిడ్ 10 లేదా ఆ తర్వాతి రూపాన్ని లక్ష్యంగా పెట్టుకుని తయారుచేస్తే, ఏమీ రాయకపోవడాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటారు. అంతకు ముందటి రూపానికి తయారుచేసినదైతే ఏమీ రాయకపోవడాన్ని నిరాకరణగా తీసుకుంటారు. అందువల్ల ఎప్పుడో తయారై, తర్వాత ఎవరూ పట్టించుకోని పాత ఆటలు, నిఘంటువులు, భజన పాటల యాప్‌లు కొత్త ఫోన్‌లోనూ మూగగానే రికార్డవుతాయి. వాటిని తయారుచేసినవాళ్లకు దాచే ఉద్దేశం లేకపోయినా ఫలితం అదే.

రికార్డర్‌కూ తెలియదు

ఈ షరతుల్లో రెండోదో మూడోదో తప్పినప్పుడు ఆండ్రాయిడ్ ఏ హెచ్చరికా చూపదు. రికార్డర్ శబ్దం అడుగుతుంది, ఆండ్రాయిడ్ సరేనంటుంది, నిరాకరించిన యాప్ శబ్దాన్ని మాత్రం కలపకుండా మిగిలినదాన్ని ఇస్తుంది. మిగిలినదేమీ లేకపోతే వచ్చేవన్నీ సున్నాలే. పాట ఆగిపోయినందువల్ల వచ్చిన నిశ్శబ్దమా, ఇవ్వనందువల్ల వచ్చిన నిశ్శబ్దమా అన్నది రికార్డర్‌కు తెలిసే దారి లేదు. ఆ సున్నాలనే నమ్మకంగా వీడియోలోకి రాసేస్తుంది. ఎరుపు చుక్క వెలుగుతూనే ఉంటుంది, సమయం లెక్క నడుస్తూనే ఉంటుంది. సంగతి వీడియో తెరిచాకే బయటపడుతుంది.

అందువల్ల మూగ వీడియోల్లో రెండు రకాలున్నాయి. ఒకదానిలో శబ్దానికి చోటే ఉండదు. ఇంకోదానిలో చోటు ఉంటుంది, అందులో నిశ్శబ్దం నిండి ఉంటుంది. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ఉంటే ఈ తేడా వెంటనే తెలుస్తుంది. వీడియో తెరిచి Ctrl+J నొక్కితే ఫైల్ లోపలి వివరాలు కనిపిస్తాయి. అక్కడ వీడియో వివరాలు మాత్రమే ఉంటే రికార్డింగ్ అప్పుడు శబ్దం ఎంపికే పడలేదని అర్థం, అంటే స్విచ్‌నో అనుమతినో చూసుకోవాలి. ఆడియో వివరాలు కూడా ఉండి ఏమీ వినిపించకపోతే, రికార్డర్ తన పని తాను చేసింది, శబ్దమే దానిదాకా రాలేదు.

గుండె చప్పుడు పాఠం

ఇదంతా ఒక పాఠం మీద పెట్టి చూద్దాం. పదో తరగతికి జీవశాస్త్రం చెప్పే టీచరుగారు రక్తప్రసరణ పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చేయాలనుకున్నారు. గుండె కొట్టుకునే చిన్న వీడియో ఒకటి తెర మీద నడుస్తుంది. అందులో లబ్, డబ్ అని వచ్చే చప్పుడు పిల్లలకు స్పష్టంగా వినపడాలి. ఏ చప్పుడు ఏ కవాటాలు మూసుకోవడం వల్ల వస్తుందో ఆమె పక్కనే తన గొంతుతో చెప్పాలి.

మొదట Microphone ఎంచుకున్నారనుకోండి. ఆమె గొంతు బాగానే వస్తుంది. గుండె చప్పుడు మాత్రం దాదాపు మాయమవుతుంది. గుండె చప్పుడు ఎక్కువగా మంద్రంగా ఉంటుంది, చిటికెన వేలంత ఫోన్ స్పీకర్ అంత మంద్రస్వరాన్ని సరిగా పలికించలేదు. స్పీకర్ పలకనిది మైక్ పట్టలేదు. లబ్, డబ్ కాస్తా టక్, టక్ అవుతుంది.

రెండోసారి Device audio ఎంచుకుంటే గుండె చప్పుడు మూల వీడియోలో ఉన్నంత నిండుగానూ వస్తుంది, స్పీకర్ పలకలేని మంద్రస్వరం కూడా అందులో ఉంటుంది. కానీ టీచరుగారి మాట ఒక్కటీ ఉండదు. అరగంట చెప్పిన పాఠం వృథా.

మూడోసారి Device audio and microphone పెట్టి, ఫోన్‌ను బల్ల మీద ఉంచి స్పీకర్‌తోనే నడిపిస్తే రెండూ వస్తాయి, ఇంకో ఇబ్బందితో సహా. గుండె చప్పుడు లోపలి దారిలో ఒకసారి, గాలిలోంచి మైక్ ద్వారా కాస్త ఆలస్యంగా ఇంకోసారి నమోదవుతుంది. రెండూ కలిసి డొల్లగా, ప్రతిధ్వనిలా వినిపిస్తాయి. దీనికి విరుగుడు తేలిక. ఇదే ఎంపికతో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాలి. అప్పుడు వీడియో శబ్దం గాలిలోకి రాదు, మైక్‌కు అందేది ఆమె గొంతు ఒక్కటే. లోపలి దారిలో గుండె చప్పుడు, మైక్ దారిలో గొంతు, రెండూ విడివిడిగా శుభ్రంగా కలుస్తాయి.

ఇయర్‌ఫోన్స్ తీగవైతే మేలు. బ్లూటూత్‌లో శబ్దం చెవికి కొద్దిగా ఆలస్యంగా చేరుతుంది, లోపలి నకలు మాత్రం ఆలస్యం లేకుండా నమోదవుతుంది. ఆమె "ఇదిగో, ఇదీ లబ్" అన్నప్పటికి రికార్డింగ్‌లో ఆ చప్పుడు దాటిపోయి ఉంటుంది. ఒక్కో చప్పుడునూ వేలుపెట్టి చూపే పాఠంలో ఆ కాస్త తేడా కూడా తెలిసిపోతుంది.

కాల్‌లో రెండు దారులూ మూతే

స్క్రీన్ రికార్డింగ్ విషయంలో ఎక్కువమందిని బాధపెట్టేది వీడియో కాల్. డల్లాస్‌లో ఉన్న మనవరాలి పుట్టినరోజుకు గుంటూరు నుంచి నాయనమ్మ వాట్సాప్‌లో దీవెనలు చెబుతుంది. ఆ మాటలు దాచుకోవాలని మనవరాలు స్క్రీన్ రికార్డర్ పెడుతుంది. తీరా చూస్తే నాయనమ్మ పెదవులు కదులుతుంటాయి, మాట ఉండదు.

కారణాన్ని ఇప్పుడు మనమే చెప్పుకోగలం. నాయనమ్మ గొంతు సంభాషణ కోవలోకి వస్తుంది, లోపలి దారిలో మామూలు రికార్డర్‌కు ఇవ్వరు. మైక్ పెడదామా అంటే అక్కడ ఇంకో నియమం ఉంది. కాల్ నడుస్తున్నంతసేపూ మైక్ కాల్‌కే చెందుతుంది. ఆ సమయంలో ఇంకో మామూలు యాప్ మైక్ అడిగితే ఆండ్రాయిడ్ కాదనదు, కానీ నిశ్శబ్దాన్ని అందిస్తుంది. అందుకే స్పీకర్ పెట్టి ఎంత గట్టిగా మోగించినా ఉపయోగం లేదు. మనవరాలి మాట కూడా రికార్డింగ్‌లోకి రాదు. జూమ్, మీట్ వంటి వాటిలోనూ ఇదే జరుగుతుంది. ఫోన్‌తోపాటే వచ్చిన రికార్డర్లకు కొన్ని కంపెనీలు ఇక్కడ సడలింపు ఇస్తాయి, స్టోర్‌లోంచి వేసుకున్నవాటికి అది దక్కదు.

ఈ అడ్డు కావాలని పెట్టినదే. కాల్‌లో మాట్లాడేది ఇద్దరు, రికార్డు చేస్తున్న సంగతి తెలిసింది ఒక్కరికే. అవతలివాళ్లకు తెలియకుండా వాళ్ల మాటను పట్టుకోవడం ఏ యాప్‌కూ తేలిక కాకూడదన్నది ఆండ్రాయిడ్ ఉద్దేశం. మన ఇళ్లలో దీవెనలు దాచుకునేవాళ్లకు ఇది కష్టమే అయినా, అప్పు గురించి మాట్లాడిన మాటో, ఆరోగ్యం గురించి చెప్పుకున్న గోడో ఎవరి ఫోన్‌లోనో మిగిలిపోకుండా కాపాడేదీ ఇదే నియమం.

తెలిసే రికార్డు చేయాలనుకుంటే మార్గాలున్నాయి. జూమ్‌లో రికార్డింగ్ సౌకర్యం లోపలే ఉంది, మొదలైన సంగతి అందరికీ తెలుస్తుంది. వాట్సాప్ కాల్ అయితే స్పీకర్ పెట్టి, పక్కన ఇంకో ఫోన్ కెమెరాతో తీయవచ్చు. రెండో ఫోన్ మైక్ మీద ఈ నియమం పనిచేయదు, ఎందుకంటే కాల్ దానిలో నడవడం లేదు. "నాయనమ్మా, రికార్డు చేస్తున్నాను" అని ఒక్క మాట ముందు చెబితే సరిపోతుంది.

తప్పెక్కడో తేల్చుకోవడం

వీడియో మూగగా వచ్చినప్పుడు మళ్లీ అరగంట రికార్డు చేయనక్కర్లేదు, పది సెకన్లు చాలు. మీ ఫోన్ కెమెరాతో తీసిన, శబ్దమున్న వీడియో ఒకటి గ్యాలరీలో తెరిచి, Device audio పెట్టి పది సెకన్లు రికార్డు చేయండి. గ్యాలరీ శబ్దాన్ని మామూలుగా దాచదు. ఆ శబ్దం కూడా రాకపోతే లోపం మీ ఎంపికలోనో అనుమతిలోనో ఉంది. సెట్టింగ్స్‌లో ఆ రికార్డర్‌కు మైక్రోఫోన్ అనుమతి ఉందో లేదో చూడండి. గ్యాలరీ శబ్దం వచ్చి, మీకు కావలసిన యాప్ శబ్దం రాకపోతే నిరాకరిస్తున్నది ఆ యాప్. ఇంకో పది రికార్డర్లు వేసుకున్నా ఫలితం మారదు, అవన్నీ నకలు తెచ్చుకునేది ఆ ఒక్క తలుపులోంచే.

పోయింది మీ గొంతు అయితే పరీక్ష వేరు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి, తెర పైనుంచి లాగితే వచ్చే గడుల్లో Mic access అని ఒకటి ఉంటుంది. దాన్ని ఎప్పుడో ఆపి మరిచిపోతే, అనుమతి ఉన్న యాప్‌లకు కూడా మైక్‌లోంచి నిశ్శబ్దమే వస్తుంది. అది తెరిచే ఉంటే, ఆ సమయంలో మైక్‌ను ఇంకో యాప్ వాడుకుంటోందేమో చూడాలి. మాటతో వెతికే యాప్, ఉచ్చారణ వినే భాషల యాప్ తెర మీద ఉంటే, మైక్ వాటికే దక్కి రికార్డర్‌కు దక్కకపోవచ్చు.

బొమ్మ కూడా నల్లగా వస్తే అది ఇంకో అడ్డు. బ్యాంకు యాప్‌లు, సినిమాలు చూపే సేవలు తెరనే రికార్డు కానివ్వవు. శబ్దం ఎంపికలు ఎన్ని మార్చినా అది తొలగదు.

ఐఫోన్‌లో లెక్క కొంచెం తేలిక. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి రికార్డర్ ఫోన్‌లోనే ఉంది. యాప్ ఒప్పుకుంటే దాని శబ్దం దానంతటదే నమోదవుతుంది. మీ గొంతు కూడా కావాలంటే కంట్రోల్ సెంటర్‌లో రికార్డింగ్ గుర్తును కాసేపు నొక్కిపట్టి, కింద కనిపించే మైక్‌ను ఆన్ చేయాలి. యాప్ ఒప్పుకోకపోతే అక్కడా మౌనమే.

కాబట్టి మళ్లీ చెప్పడానికి వీలులేని పాఠమో, ఒక్కసారే దొరికే కార్యక్రమమో రికార్డు చేసేముందు అదే యాప్‌తో, అదే ఇయర్‌ఫోన్స్‌తో, అదే ఎంపికతో పది సెకన్లు తీసి వినండి. రికార్డవుతున్నంతసేపూ శబ్దం వస్తోందో లేదో చెప్పగలిగే గుర్తు ఏదీ తెర మీద ఉండదు. ఆ పది సెకన్ల వీడియో ఒక్కటే చెబుతుంది.